వైవా ఏ భాషలో? కొన్ని ప్రశ్నలు, కొన్ని జవాబులు



పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథం సమర్పించేసి, వైవా తేదీ కోసం ఎదురుచూస్తున్న పరిశోధకులు కొందరు ఈ మధ్య నన్ను కొన్ని ప్రశ్నలు అడిగారు. మాటలు వేరైనా బెంగ ఒక్కటే. "మా శాఖలో పాఠాలు సగం తెలుగులో, సగం ఇంగ్లిష్‌లో నడుస్తాయి. చదివిన పుస్తకాలు ఇంగ్లిష్‌వి. సేకరించిన సమాచారం తెలుగుది. రేపు వైవాలో నిలబడి ఏ భాషలో మాట్లాడాలి?" ఇదీ వాళ్ళ బెంగ.

ఇవాళ ఆ ప్రశ్నలే తీసుకుందాం. ఊరికే సలహాలు చెప్పుకుంటూ పోతే గాలిలో మాట్లాడినట్టు ఉంటుంది కనుక, ఒక పరిశోధకురాలిని ఊహించుకుందాం. భాషాశాస్త్ర శాఖలో చదువుతోంది. చేనేత పనివాళ్ళు వాడే మాటల మీద పరిశోధన చేసింది. పోచంపల్లి చుట్టుపక్కల మూడు ఊళ్ళు తిరిగింది. మగ్గాల దగ్గర కూర్చుని ఇరవై నాలుగు మంది మాటలు రికార్డు చేసింది. పెద్దవాళ్ళు వాడే మాటలకూ, వాళ్ళ పిల్లలు వాడే మాటలకూ తేడా ఏమిటన్నది ఆమె పరిశోధన. వైవాకు ఇంకో మూడు వారాలుంది. ఈ అమ్మాయిని మన ముందు కూర్చోబెట్టుకుని మాట్లాడుకుందాం.

మొదటి ప్రశ్న. "నేను థీసిస్ తెలుగులో రాశాను. బయటి నుంచి వచ్చే పరీక్షకులు ఇంగ్లిష్‌లో అడిగితే నా గతేమిటి?"

అమ్మా, ముందు ఒక చిన్న సంగతి ఆలోచించు. నీ థీసిస్ తెలుగులో ఉంది. దాన్ని చదివి రిపోర్టు రాసిన మనిషికి తెలుగు రాకుండా ఎలా ఉంటుంది? యూజీసీ 2022 నిబంధనల ప్రకారం థీసిస్‌ను మీ గైడ్ కాక కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చూస్తారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు, మీ గైడ్‌తో కలిసి వైవా నిర్వహిస్తారు. అంటే నీ ఎదురుగా కూర్చునే మనిషి నీ పుస్తకం చదివిన మనిషే. తెలుగు థీసిస్ చదివిన మనిషికి తెలుగులో జవాబు చెప్పడానికి భయమెందుకు? మద్రాసు నుంచి వచ్చినా, బెనారస్ నుంచి వచ్చినా, అక్కడి తెలుగు శాఖల వాళ్ళే సాధారణంగా తెలుగు థీసిస్‌లు చూస్తారు.

నిజమైన చిక్కు ఇంకోచోట ఉంది. థీసిస్ ఇంగ్లిష్‌లో రాసి, అందులోని సమాచారం మాత్రం తెలుగుదైతే, అప్పుడు వచ్చే పరీక్షకుడు మైసూరు నుంచో, అన్నామలై నుంచో, ఢిల్లీ నుంచో రావచ్చు. భాషాశాస్త్రంలో ఉద్దండుడే కావచ్చు. తెలుగు మాత్రం ఒక్క ముక్క రాకపోవచ్చు. ఆయన నీ వాదాన్ని పూర్తిగా చదివారు. నీ ఉదాహరణలను మాత్రం నీ మాట మీద నమ్మి చదివారు. వైవాలో ఆయన అడిగేదంతా ఆ ఉదాహరణల చుట్టూనే తిరుగుతుంది.

మళ్ళీ చెబుతున్నాను. రేడియోలో వెనక్కి తిప్పి వినడానికి లేదు కదా! తెలుగు థీసిస్ అయితే పరీక్షకుడికి తెలుగు వస్తుంది. ఇంగ్లిష్ థీసిస్ అయితే పరీక్షకుడికి తెలుగు రాకపోవచ్చు. నువ్వు ఏ రకమో ముందు తేల్చుకో. నీ తయారీ అంతా దాన్నిబట్టే ఉంటుంది.

అయితే తెలుగు థీసిస్ రాసినవాళ్ళకీ ఇంగ్లిష్ ప్రశ్న రాకుండా పోదు. వైవా నలుగురి ముందు జరిగేది. శాఖలోని అధ్యాపకులు, తోటి పరిశోధకులు, విద్యార్థులు కూర్చుంటారు. పక్క శాఖ నుంచి ఒక పెద్దాయన వస్తారు, సోషియాలజీ నుంచో చరిత్ర నుంచో. ఆయన లేచి ఇంగ్లిష్‌లో ఒక ప్రశ్న వేస్తారు. చాలామంది తడబడేది అక్కడే. ఆ ప్రశ్న సాధారణంగా కష్టమైంది కాదు. "ఈ పరిశోధన వల్ల కొత్తగా తెలిసిందేమిటి?" ఇదే, మాటలు మార్చి. కాబట్టి థీసిస్ ఏ భాషలో ఉన్నా, నీ పరిశోధన సారాన్ని రెండు భాషల్లోనూ, ఒక్కొక్కదానిలో రెండు నిమిషాల పాటు, కాగితం చూడకుండా చెప్పగలగాలి. ఒకదానికి ఇంకొకటి అనువాదంలా ఉండకూడదు. తెలుగులో చెప్పేటప్పుడు నేతగాళ్ళకు చెబుతున్నట్టు చెప్పు. ఇంగ్లిష్‌లో చెప్పేటప్పుడు ఆ పక్క శాఖ పెద్దాయనకు చెబుతున్నట్టు చెప్పు. రెండూ వేర్వేరుగా తయారవుతాయి. అలాగే ఉండాలి.

ఇక రెండో ప్రశ్న. "ఏమడుగుతారో ముందే తెలుసుకునే దారి ఉందా?"

ఉంది. చాలామంది ఆ దారిని చేతిలో పెట్టుకుని కూడా చూడరు. అది పరీక్షకుల రిపోర్టు. థీసిస్ చదివాక ప్రతి పరీక్షకుడూ ఒక నివేదిక రాసి పంపుతారు. అందులో మెచ్చుకోలు కొంత, అభ్యంతరాలు కొన్ని, చివర్లో "వైవాలో అభ్యర్థి వివరణ ఇవ్వవలసిన అంశాలు" అని కొన్ని ప్రశ్నలు ఉంటాయి. చాలా విశ్వవిద్యాలయాల్లో ఆ ప్రశ్నలు వైవాకు ముందే గైడ్ ద్వారా అభ్యర్థికి అందుతాయి. కొన్నిచోట్ల రిపోర్టు మొత్తం ఇస్తారు, కొన్నిచోట్ల ప్రశ్నలు మాత్రమే. మీ దగ్గర ఏది ఆచారమో గైడ్‌ను అడగండి. మొహమాటపడకండి.

రిపోర్టు చేతికి రాగానే అందరూ మెచ్చుకోలు చదువుకుని సంతోషిస్తారు. మానవ సహజం. ఆ తరువాత చేయవలసింది ఒకటుంది. రిపోర్టు ఏ భాషలో రాశారో చూడండి. ఇద్దరూ ఇంగ్లిష్‌లో రాశారా, ఒకరు తెలుగులో రాశారా? రిపోర్టు రాసిన భాషలోనే ఆ మనిషి ప్రశ్న కూడా అడుగుతారని అనుకోవచ్చు. వచ్చే పరీక్షకుడు ఇంగ్లిష్‌లో రిపోర్టు రాసినాయన అయితే, ఆయన ప్రశ్నలకు జవాబులు ఇంగ్లిష్‌లోనే రాసుకోండి. తెలుగులో రాసుకుని, అక్కడికక్కడ నిలబడి ఇంగ్లిష్‌లోకి మార్చి చెబుదాంలే అనుకుంటే, నాలుక మడతపడుతుంది.

రాసుకుంటే సరిపోదు. బయటికి చదవాలి. గొంతెత్తి, గదిలో తలుపేసుకుని. రాసినప్పుడు బ్రహ్మాండంగా ఉన్న వాక్యం నోటితో చెప్పేటప్పుడు ఎక్కడో తెగిపోతుంది. తెగినచోట వాక్యాన్ని రెండు ముక్కలు చేయండి. రెండో పరీక్షకుడు వైవాకు రాకపోయినా, ఆయన ప్రశ్నలు వస్తాయి. సాధారణంగా గైడో, వచ్చిన పరీక్షకుడో వాటిని చదివి వినిపిస్తారు. నివేదికలో ఉన్న ప్రతి ప్రశ్నకూ వైవాలో జవాబు చెప్పాల్సిందే.

ఇప్పుడు మూడో ప్రశ్న. ఇది ఇంగ్లిష్ థీసిస్ వాళ్ళది. "తెలుగు రాని పరీక్షకుడికి తెలుగు ఉదాహరణ ఎలా వివరించాలి?"

ఇక్కడ కాస్త నిదానంగా వెళదాం. అసలు సరుకంతా ఇక్కడే ఉంది.

మన అమ్మాయే థీసిస్ ఇంగ్లిష్‌లో రాసిందనుకుందాం. అందులో ఒక నేతగాడు అన్న మాట ఉంది. "పడుగు తెగింది." రెండే మాటలు. మగ్గం మీద నిలువుగా ఉండే దారాలు పడుగు. అడ్డంగా పోయే దారం పేక. పడుగు తెగింది అంటే పని ఆగింది అన్నమాట.

ఈ వాక్యాన్ని తెరమీద మూడు వరసల్లో చూపించాలి. మొదటి వరసలో నేతగాడు అన్నది అన్నట్టుగా. రెండో వరసలో దాన్ని ముక్కలుగా విడదీసి: పడుగు, తెగ్, ఇం, ది. మూడో వరసలో ఒక్కో ముక్క కింద దాని అర్థమో, అది చేసే పనో ఇంగ్లిష్‌లో. అన్నిటికన్నా కింద మొత్తం వాక్యానికి అర్థం. భాషాశాస్త్రంలో అందరూ చేసేదే ఇది. పరీక్షకుడికి తెలుగు రానక్కరలేదు, ఈ మూడు వరసలు చూస్తే వాక్యం ఎలా కట్టారో ఆయనకు కనిపిస్తుంది.

సరే, మూడో వరసలో చివరి ముక్క "ది" కింద ఏం రాశావు? చాలామంది న్యూటర్ అని రాస్తారు. నపుంసక లింగం అని. పడుగు వస్తువే కదా, అందుకని.

మైసూరు నుంచి వచ్చిన పరీక్షకుడు అక్కడే ఆగుతారు. ఎందుకంటే థీసిస్‌లో ఇంకో పేజీలో ఇంకో ఉదాహరణ ఉంది. "మా అమ్మ కండెలు చుట్టింది." అక్కడ అమ్మ. ఇక్కడ పడుగు. రెండింటికీ చివర "ది". ఆయన అడుగుతారు: "అమ్మ కూడా న్యూటరేనా?" హాలులో నవ్వులు వినిపిస్తాయి. అభ్యర్థికి చెమటలు పడతాయి.

ఆయనకు ఆ ప్రశ్న ఎందుకు వచ్చింది? కన్నడంలో ఆమె వచ్చింది అనడానికి ఒక రూపం, అది వచ్చింది అనడానికి ఇంకో రూపం. తమిళంలోనూ అంతే, రెండూ వేరు. తెలుగులో ఏకవచనంలో రెండూ ఒక్కటే. ఆమె వచ్చింది, బండి వచ్చింది. మగవాడికి మాత్రమే వేరు, అతను వచ్చాడు. మనం పుట్టినప్పటినుంచీ అలా మాట్లాడుతున్నాం కాబట్టి మనకు వింతగా ఉండదు. ఆయనకు అది వెంటనే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

జవాబు కష్టమేమీ కాదు. "ది" అన్నది నపుంసక లింగం కాదు. పురుషులు కాని వాళ్ళందరికీ, కాని వాటన్నిటికీ అది వస్తుంది. ఇంగ్లిష్‌లో నాన్ మాస్క్యులైన్ అని రాయాలి. అక్కడితో ఆగకుండా ఇంకో మాట కూడా చెప్పాలి. బహువచనంలో లెక్క మారుతుంది. ఆడవాళ్ళు వచ్చారు, మగవాళ్ళు వచ్చారు. ఇద్దరికీ ఒకటే రూపం. పోగులు తెగాయి, అది వేరు. అంటే ఏకవచనంలో స్త్రీ వస్తువులతో కలుస్తుంది, బహువచనంలో పురుషులతో కలుస్తుంది. ఈ ఉదాహరణలన్నీ ఒక చీటీ మీద రాసుకుని ఉంచుకుంటే ఒక్క నిమిషంలో జవాబు అయిపోతుంది. పరీక్షకుడు తల ఊపి తరువాతి ప్రశ్నకు వెళతారు.

ఇప్పుడు ఇదే సంగతిని తెలుగు పరీక్షకుడు అడిగితే ఎలా అడుగుతారు? ఆయన నాన్ మాస్క్యులైన్ అనరు. చిన్నయసూరి బాలవ్యాకరణం చదువుకుని వచ్చిన మనిషి. "మహత్తు, అమహత్తు అన్నావు బాగానే ఉంది. మరి మహతి సంగతేమిటి?" అంటారు. ప్రశ్న అదే. జవాబూ అదే. అడిగిన మాటలు వేరు. మన అమ్మాయికి ఇంగ్లిష్ పదజాలం మాత్రమే వచ్చి ఉంటే, తనకు తెలిసిన జవాబునే చెప్పలేక నిలబడిపోతుంది. అందుకని థీసిస్‌లో నువ్వు వాడిన ముఖ్యమైన పారిభాషిక పదాలు, ఒక పదీ పదిహేను మించవు, వాటికి రెండు వైపులా ఏమంటారో రాసుకో. ఫోనీమ్‌ను తెలుగులో వర్ణం అంటారు. మార్ఫీమ్‌ను పదాంశం అంటారు. తెలుగు పుస్తకాల్లో అందరూ ఒకే మాట వాడరు కూడా. నువ్వు ఏది వాడావో అదే చివరిదాకా వాడు. థీసిస్‌లో ఒకటి రాసి, నోటితో ఇంకొకటి అంటే, "ఈ రెండూ ఒకటేనా, వేరా?" అని అనవసరమైన ప్రశ్న కొనితెచ్చుకున్నట్టే.

మరొక్కసారి చెబుతాను. ఉదాహరణను మూడు వరసల్లో చూపించండి. ఒక్కో ముక్క కింద ఏం రాశారో, ఎందుకు రాశారో నోటికి వచ్చేలా చూసుకోండి. మనకు మామూలుగా అనిపించే చోటే బయటివాళ్ళు ఆగుతారు.

నాలుగో ప్రశ్న. "మాట్లాడుతూ మాట్లాడుతూ తెలుగులోంచి ఇంగ్లిష్‌లోకి, ఇంగ్లిష్‌లోంచి తెలుగులోకి జారిపోతుంటాను. తప్పా?"

తప్పేమీ కాదు. మన శాఖల్లో అందరమూ అలాగే మాట్లాడతాం. తెలుగు వాక్యంలో ఇంగ్లిష్ పారిభాషిక పదం రావడం ఎవరికీ అభ్యంతరం కాదు. "ఇక్కడ డేటా ఎలా తీసుకున్నానంటే" అంటే ఏ పరీక్షకుడూ కోపగించుకోడు. ఇబ్బంది ఎక్కడంటే, వాక్యం మధ్యలో క్రియ దొరక్క భాష మార్చినప్పుడు. సగం ఇంగ్లిష్ వాక్యం, సగం తెలుగు వాక్యం అయ్యేసరికి, ఏమి ఒప్పుకున్నారో ఏమి కాదన్నారో వినేవాళ్ళకు తెలియదు. భాష మార్చాలనుకుంటే వాక్యం పూర్తిచేసి మార్చండి. చెప్పి మార్చండి. "సార్, ఈ ఉదాహరణ వరకు తెలుగులో చెప్పి, సారం ఇంగ్లిష్‌లో చెబుతాను" అని అనుమతి అడిగితే కాదనే పరీక్షకుణ్ణి నేను చూడలేదు.

ఒకవేళ ప్రశ్నే అర్థం కాకపోతే? ఇంగ్లిష్‌లో పొడుగాటి ప్రశ్న వేశారు. మధ్యలో ఒక పేరు, ఒక సిద్ధాంతం, చివర్లో ఒక చమత్కారం. ఏమడిగారో తెలియలేదు. అప్పుడు "మీరు అడిగింది ఇదేనా సార్" అంటూ మీకు అర్థమైన మేరకు ఆ ప్రశ్నను మీ మాటల్లో తిరిగి చెప్పండి. తెలుగులో చెప్పినా సరే, ఇంగ్లిష్‌లో చెప్పినా సరే. సరిగ్గా అర్థమైతే ఆయన అవునంటారు. తప్పుగా అర్థమైతే ఆయనే ఈసారి సులువుగా అడుగుతారు. అర్థం కాని ప్రశ్నకు తోచిన జవాబు చెప్పడం మొదలుపెడితే మాత్రం, దాని మీద ఇంకో మూడు ప్రశ్నలు పుడతాయి.

ఐదో ప్రశ్న. ఇది అందరికీ ఎదురయ్యేదే. "మీ ముందు చేసినవాళ్ళ పనికీ మీ పనికీ తేడా ఏమిటని అడిగితే ఎలా చెప్పాలి?"

మన అమ్మాయి విషయంలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. రాకపోతే పరీక్షకుడు థీసిస్ చదవలేదని అనుమానించాలి! ఎందుకంటే వృత్తి పదాల మీద తెలుగులో ఒక మహత్తరమైన పని ముందే జరిగింది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు మొదలుపెట్టిన మాండలిక వృత్తి పదకోశం. వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. వ్యవసాయ పదాల వ్యాప్తిని బట్టి తెలుగు నేలను నాలుగు భాషామండలాలుగా చూపించారాయన.

పరీక్షకుడు అడుగుతారు: "1971లోనే చేనేత పదకోశం వచ్చింది కదమ్మా! ఇప్పుడు మూడు ఊళ్ళు తిరిగి నువ్వు కొత్తగా కనిపెట్టిందేమిటి?"

చెప్పగూడని జవాబు ఎలా ఉంటుందో చెబుతాను. "సార్, ఆ పదకోశం గొప్పదే, కానీ పాతది. నేను ఇంకా లోతుగా చేశాను." ఇందులో ఏమీ లేదు. పైగా కృష్ణమూర్తిగారికంటే లోతుగా చేశానన్న మాట ఎవరి ముందు అంటున్నావో చూసుకోవాలి. ఆ హాలులో ఆయన శిష్యుల శిష్యులు ఉండొచ్చు.

మంచి జవాబు ఇలా ఉంటుంది. "సార్, ఆ పదకోశం ఒకే వస్తువును ఏ ప్రాంతంలో ఏమంటారో చెబుతుంది. అది ప్రాంతానికీ ప్రాంతానికీ మధ్య తేడా. నేను చూసింది ఒకే ఇంట్లో తండ్రికీ కొడుక్కీ మధ్య తేడా. పని పద్ధతి మారినప్పుడు మాట ఏమవుతుందన్నది నా ప్రశ్న." ఇక్కడ ఒక ఉదాహరణ పడాలి. ఆసు ఉంది. చిటికి కట్టి రంగులద్దే చీరలకు దారాన్ని కొయ్యల చుట్టూ తిప్పుతూ ఆసు పోయడం, ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేతులు పడిపోయేలా చేసిన పని. చింతకింది మల్లేశం తన తల్లి పడే ఆ బాధ చూసి ఆసు యంత్రం తయారుచేశారు. ఆయనకు 2017లో పద్మశ్రీ కూడా ఇచ్చారు. పని యంత్రానికి పోయింది. మాట పోయిందా? లేదు. ఇప్పుడు కుర్రవాళ్ళు ఆసు అంటే యంత్రం అనుకుంటారు, పెద్దవాళ్ళకు ఆసు అంటే చేతిపని. మాట ఒకటే, అర్థం మారింది. "ఇలాంటివి నా రికార్డింగులలో ఎన్ని దొరికాయో ఫలానా పేజీలో పట్టిక ఉంది సార్" అని ఆ పేజీ తీసి చూపించాలి.

చూశారా, ఆ జవాబులో ముందువాళ్ళ పనిని తక్కువ చేయలేదు. వాళ్ళు అడగని ప్రశ్న ఏదో చెప్పింది. ఒక ఉదాహరణ ఇచ్చింది. పేజీ చూపించింది. ఇంతే. తేడా చెప్పమంటే, వాళ్ళ ప్రశ్న ఏమిటో, మీ ప్రశ్న ఏమిటో చెప్పండి. ఎవరు గొప్పో చెప్పకండి.

దీనికి తోడుగా ఇంకో ప్రశ్న వస్తుంది. "ఇరవై నాలుగు మందేనా? మూడు ఊళ్ళేనా?" ఇక్కడ చాలామంది క్షమాపణ చెప్పుకోవడం మొదలుపెడతారు. టైము లేదు సార్, ఫెలోషిప్ రాలేదు సార్ అని. అది నిజమే అయినా జవాబు కాదు. తండ్రీ కొడుకులు ఇద్దరూ నేతపనిలోనే ఉన్న ఇళ్ళు మాత్రమే కావాలి కనుక, అలాంటి పన్నెండు ఇళ్ళు ఎంచుకున్నానని చెప్పు. ఆ తరువాత, "ఈ ఫలితం చీరాలకూ మంగళగిరికీ వర్తిస్తుందని నేను అనడం లేదు" అని నువ్వే చెప్పు. హద్దు నువ్వు గీసుకుంటే పరీక్షకుడు దాని లోపల ప్రశ్నలు వేస్తారు. నువ్వు గీయకపోతే ఆయన గీస్తారు.

ఇక చిన్న చిన్న సంగతులు రెండు మూడు. చిన్నవే గానీ హాలులో పరువు తీసేవి.

మొదటిది తెలుగు ఫాంట్లు. థీసిస్ అను ఫాంట్లలో టైపు చేయించి ఉంటారు. అందులోంచి కాపీ చేసి స్లైడ్‌లో అతికిస్తారు. మీ కంప్యూటర్‌లో బాగానే కనిపిస్తుంది. సెమినార్ హాలు కంప్యూటర్‌లో ఆ ఫాంట్లు ఉండవు. తెర మీద "పడుగు తెగింది" ఉండాల్సిన చోట ఏవో పిచ్చి గీతలు, ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. పరీక్షకుడు మర్యాదగా కళ్ళు తిప్పుకుంటారు. స్లైడ్లలోని తెలుగంతా యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేయండి. పీడీఎఫ్‌గా కూడా ఒకటి చేసి పెట్టుకోండి. ముందురోజు సాయంత్రమే ఆ హాలుకు వెళ్ళి, ఆ కంప్యూటర్‌లోనే, ఆ తెర మీదే తెరిచి చూడండి. పరీక్షకుడు ఆన్‌లైన్‌లో వస్తున్నారా? అలా రావడానికి నిబంధనల్లో వీలుంది. అప్పుడైతే ఆయన తెర మీద తెలుగు ఎలా కనిపిస్తోందో కూడా ఒకసారి అడిగి చూసుకోవాలి.

రెండోది పేజీ నంబర్లు. పరీక్షకుడి చేతిలో ఉన్నది మీరు సమర్పించిన ప్రతి. మీ లాప్‌టాప్‌లో ఉన్నది ఆ తరువాత దిద్దుకున్న ప్రతి. ఆయన నూట పన్నెండో పేజీ అంటే మీకు ఇంకేదో తెరుచుకుంటుంది. సమర్పించిన ప్రతినే అచ్చులో మీ ముందు పెట్టుకోండి. ముఖ్యమైన పట్టికల దగ్గర చీటీలు అంటించండి.

మూడోది తప్పొప్పుల పట్టిక. సమర్పించాక మీ కళ్ళకే కొన్ని తప్పులు కనబడతాయి. తెలుగు థీసిస్‌లో ఒత్తులు, దీర్ఘాలు. ఇంగ్లిష్ థీసిస్‌లో తెలుగు పదాలను రోమన్ అక్షరాల్లో రాసేటప్పుడు జరిగే పొరపాట్లు మరీ ఎక్కువ. నాడె అన్న మాటలో "డ" కింద చుక్క పెట్టకపోతే అది "నాదె" అయిపోతుంది. ఇవన్నీ ఒక కాగితం మీద పేజీ నంబరుతో రాసి, ప్రతులు తీసి, అడిగిన వెంటనే చేతికివ్వండి. పరీక్షకుడు అరగంటసేపు అచ్చుతప్పులు చదివి వినిపించే బాధ అందరికీ తప్పుతుంది.

చివరి ప్రశ్న ఒకటి ఉంది. ఒకబ్బాయి అడిగాడు. "మాక్ వైవా పెట్టుకుంటే లాభం ఉంటుందా?"

ఉంటుంది, అయితే ఎవరిని కూర్చోబెడతావన్నదాన్నిబట్టి. నీ పని బాగా తెలిసిన స్నేహితులను కూర్చోబెడితే వాళ్ళు నీకు వచ్చిన ప్రశ్నలే అడుగుతారు. తెలుగు రాని పరిశోధకుణ్ణి ఒకణ్ణి పిలువు. మన విశ్వవిద్యాలయాల హాస్టళ్ళలో ఒడియా వాళ్ళు, మలయాళీలు, ఈశాన్య రాష్ట్రాల వాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. ఒక టీ తాగించి, నీ మూడు ఉదాహరణలు చూపించి ఇంగ్లిష్‌లో చెప్పు. అతనికి ఎక్కడ అర్థం కాలేదో గుర్తుపెట్టుకో. తరువాత మీ శాఖలోనే బాలవ్యాకరణం చదువుకున్న ఒక సీనియర్‌ను పిలిచి, అవే ఉదాహరణలు తెలుగులో చెప్పు. ఆ ఇద్దరి దగ్గరా నిలబడగలిగితే నీ తయారీ అయినట్టే.

వైవా నోటీసు వచ్చాక సాధారణంగా చేతిలో ఉండేవి కొద్ది రోజులే. కాబట్టి నోటీసు కోసం ఆగకండి. థీసిస్ సమర్పించినవాళ్ళు ఈ వారంలోనే రెండు పనులు మొదలుపెట్టండి. ఒకటి, మీ పరిశోధన సారం రెండు భాషల్లో, రెండేసి నిమిషాలు, గొంతెత్తి చెప్పడం. రెండు, థీసిస్‌లోని పది ఉదాహరణలు ఎంచుకుని, ఒక్కో ముక్క కింద ఏం రాశారో మళ్ళీ చూసుకోవడం. "ది" కింద న్యూటర్ అని రాసి ఉంటే, తప్పొప్పుల పట్టికలో మొదటి వరసలో అదే చేర్చండి.